మా ఆవిడ జీతం అడుగుతోంది. సొంత కొట్లో జీతమేంటి?

గూడెం_మ్యాచింగ్
మాది తాడేపల్లిగూడెంలో మ్యాచింగ్ సెంటరు. జాకెట్ ముక్కలు, లైనింగులు, ఫాల్స్, లోపలి లంగాలు, పక్కనే పీకో మిషను. పెట్టి ఆరేళ్ళయింది. నేనూ మా ఆవిడా చూసుకుంటాం, సాయానికి ఒక అమ్మాయి ఉంది. నెలకి రెండుసార్లు బెజవాడ వస్త్రలతకి వెళ్ళి సరుకు తెచ్చేది నేను. కౌంటర్లో ఎక్కువసేపు ఉండేది తను. మొన్న ఉన్నట్టుండి "నాకు నెలకింత అని జీతం ఇవ్వండి" అంది. సొంత కొట్లో జీతమేంటి, గల్లా నీ చేతిలోనే ఉందిగా, కావాల్సింది తీసుకో అన్నాను. అంతే, మూడ్రోజులుగా మాటల్లేవు. కొట్లో మాత్రం "ఆ కత్తెర ఇలా ఇవ్వండి" వరకు నడుస్తోంది. నేనన్నదాంట్లో తప్పేంటో చెప్పండి. ఇలా ఇద్దరూ కలిసి కొట్టు నడిపేవాళ్ళు ఏం చేస్తున్నారు?

గోదారి_గాలి
కత్తెర అడిగినప్పుడు ఇచ్చెయ్యండి ముందు. దగ్గర పెట్టుకోకండి.

కిరాణా_బాబు
జీతం రాయండి సార్, మీకే లాభం. ఆవిడ పేరున నెలకి 20 వేలు ఖర్చు చూపిస్తే మీ లాభం తగ్గుతుంది, పన్ను తగ్గుతుంది. ఆవిడ ఆదాయం ఎలాగూ పన్ను పడేంత ఉండదు. మా ఊళ్ళో అందరూ ఇదే చేస్తారు. అటు ఆవిడా సంతోషం, ఇటు మనమూ సంతోషం.

ఓరుగల్లు_ఎరువులు
మా దాంట్ల ఉల్టా ఉన్నది. లైసెన్సు మా ఇంటామె పేరు మీదనే ఉన్నది, ఆమె బీఎస్సీ అగ్రికల్చర్. నేను ఆమె దగ్గర గుమస్తానే అనుకో. జీతం నాకే ఇస్తలేదు.

సరోజ_టిఫిన్స్
గూడెం గారూ, "కావాల్సింది తీసుకో" అన్న మాటే మా ఇంట్లో పదేళ్ళు నడిచింది. వినడానికి బాగుంటుంది. కానీ తీసుకున్న ప్రతిసారీ ఎందుకు తీసుకున్నానో చెప్పాలనిపిస్తుంది. మీరు అడగరు, అయినా చెప్తాం. మీరు మాత్రం టీకి, పెట్రోలుకి, స్నేహితులకి తీసుకున్నది ఎప్పుడన్నా చెప్పారా? మా ఆయన చెప్పలేదు.
మాది ఏలూరులో టిఫిన్ సెంటరు. పిండి రుబ్బేది, చట్నీలు చేసేది నేను. బయట బల్ల దగ్గర డబ్బులు తీసుకునేది ఆయన. రాత్రి లెక్క చూస్తే ఎప్పుడూ మూడొందలో నాలుగొందలో తేడా. దొంగ ఎవరంటే ఇద్దరమూనూ. నేను కూరగాయలవాడికి ఇచ్చి మర్చిపోయేదాన్ని, ఆయన సిగరెట్లకి తీసి మర్చిపోయేవారు.

లెక్కలమాస్టారు
నేను చిన్న కొట్లవాళ్ళకి లెక్కలు రాస్తాను, ఇరవై ఏళ్ళుగా. ముందు కిరాణా_బాబు చెప్పింది సగమే నిజమని చెప్పాలి. భర్త సొంత వ్యాపారంలో భార్యకి జీతం ఇస్తే, ఆ జీతాన్ని తిరిగి భర్త ఆదాయంలోనే కలిపి చూస్తారు. ఆవిడకి ఆ పనికి సంబంధించిన చదువో వృత్తి నైపుణ్యమో ఉండి, ఆ జీతం దానివల్ల వచ్చిందైతేనే మినహాయింపు. అంటే పన్ను మిగలదు, రాత పని మిగులుతుంది.
ఇక గూడెం గారికి. జీతం ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత. కొట్టు నెలకి ఎంత మిగులుస్తోందో మీకు తెలుసా? రోజు అమ్మకం ఎంత, అద్దె ఎంత, అప్పులేమున్నాయి, ఇంట్లోకి రోజుకి ఎంత తీస్తారు, సుమారుగా చెప్పండి.

మెడికల్_మామ
మాస్టారు చెప్పిన మినహాయింపులోకి వచ్చేది మా కేసే. మా ఆవిడ డీఫార్మసీ, ఫార్మసిస్టుగా రిజిస్టరైంది ఆవిడే. సర్టిఫికెట్టు కౌంటరు వెనక గోడకి ఉంటుంది. ఆవిడ లేకపోతే ఆ పనికి ఇంకొకరిని పెట్టుకోవాలి కదా, అందుకని జీతం బ్యాంకు ద్వారా ఇస్తాను, ఆవిడ విడిగా రిటర్ను వేస్తుంది. అయినా గొడవలు మానలేదండోయ్. సర్టిఫికెట్టు నాది, కుర్చీ మీదా అంటుంది.

గూడెం_మ్యాచింగ్
మాస్టారూ, రోజుకి సగటున 9 వేలు అనుకోండి. శ్రావణంలో, పెళ్ళి ముహూర్తాల్లో 20 దాటుతుంది, మౌఢ్యమొస్తే 4 వేలు కూడా ఉండదు. నెలకి 26 రోజులు. మార్జిను 30 శాతం దాకా ఉంటుంది. అద్దె 14 వేలు, కరెంటు 2,300, అమ్మాయికి 9,500, రవాణా, కవర్లు వగైరా 2 వేలు. రెండేళ్ళ క్రితం సరుక్కి 2 లక్షల గోల్డ్ లోను తీశాం, దానికి నెలకి 1,700 వడ్డీ. ఇంట్లోకి రోజుకి పన్నెండొందలో పదిహేనొందలో తీస్తుంటాం. పిల్లలిద్దరు, ఫీజులు విడిగా ఎప్పుడో ఒకసారి.
ఏడాదిన్నరగా హోల్‌సేలు వాళ్ళకి బాకీ పెరుగుతోంది. సీజన్‌లో తీరిపోతుందనుకుంటున్నాను.

గోదారి_గాలి
గోల్డ్ లోను అన్నారు. గోల్డు ఎవరిది?

గూడెం_మ్యాచింగ్
తనదే. పెళ్ళినాటి గొలుసూ గాజులూ. ఎందుకడిగారు?

గోదారి_గాలి
ఊరికే. మూడ్రోజుల మౌనం సరిపోయిందా అని.

లెక్కలమాస్టారు
కాగితం మీద వేద్దాం. 9 వేలు ఇంటూ 26 అంటే 2,34,000. మార్జిను మీరు 30 అన్నారు. మీటరు కోసేటప్పుడు పోయే చివరి ముక్కలు, బేరంలో తగ్గించేవి ఉంటాయి కాబట్టి 28 వేసుకుంటాను. సుమారు 65,500. అందులో అద్దె, కరెంటు, అమ్మాయి, చిల్లర ఖర్చులు, వడ్డీ అన్నీ కలిపి 29,500. మిగిలేది 36,000.
ఇప్పుడు ఇంట్లోకి తీసేది. సగటున రోజుకి 1,350 అనుకుందాం, ఇల్లు ఆదివారం కూడా తింటుంది కాబట్టి 30 రోజులు. 40,500. అంటే నెలకి 4,500 కొట్టు సంపాదించనిది తింటున్నారు. ఏడాదికి 54 వేలు, ఏడాదిన్నరకి 81 వేలు. పైగా ఫీజులు. మీ హోల్‌సేల్ బాకీ ఎంత పెరిగిందో చూసుకోండి.

గూడెం_మ్యాచింగ్
తొంభై చిల్లర పెరిగింది.

కిరాణా_బాబు
మాస్టారు చెయ్యి చూసి జాతకం చెప్పినట్టు చెప్పేశారు. పన్ను విషయం మాత్రం మా ఆడిటరు వేరేలా చెప్పాడు మరి.

లెక్కలమాస్టారు
మీ ఆడిటరు మీ కేసు చూసి చెప్పి ఉంటారు, కాదనను. గూడెం గారి విషయంలో అసలు ఆ వాదనే రాదు. ఏడాదికి మిగిలేది 4,32,000. కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు పోను పన్ను సున్నా. పన్నే లేనిచోట ఏం మిగిల్చుకుంటారు?

ఓరుగల్లు_ఎరువులు
ఏడాదికి 28 లక్షల అమ్మకం అయితుంది కదా, జీఎస్టీ లేదా మీకు? అది ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళే ఓనరు, గంతే.

లెక్కలమాస్టారు
మీ తెలంగాణలో సరుకు అమ్మేవాళ్ళకి హద్దు 20 లక్షలు, ఆంధ్రలో 40. అందుకని ఆయనకి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఎవరి పేరు అన్నది మాత్రం మంచి ప్రశ్న. అద్దె అగ్రిమెంటు, కరెంటు అకౌంటు, బ్యాంకు కరెంటు ఖాతా, స్కానరు. గూడెం గారూ, ఇవి ఎవరి పేరున ఉన్నాయి?

గూడెం_మ్యాచింగ్
అన్నీ నా పేరే. తను బ్యాంకు చుట్టూ తిరగలేదని.

డాలస్_పంపు
టెక్సస్‌లో గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాం, ఎనిమిదేళ్ళు. ఇద్దరం గ్రీన్ కార్డు. ఆడవాళ్ళకి సమానత్వం గురించి అడుగుతున్నట్టున్నారు, నా అభిప్రాయం ఏంటంటే ఇద్దరూ ఒకేచోట పని చెయ్యకూడదు. మా ఆవిడ పొద్దున షిఫ్టు, నేను రాత్రి షిఫ్టు. ఒకరినొకరు చూసుకునేది ఆదివారం మధ్యాహ్నం. ఎనిమిదేళ్ళలో గొడవే లేదు.

గోదారి_గాలి
ఆయన జీతం గురించి అడిగారండీ, సన్యాసం గురించి కాదు.

డాలస్_పంపు
ఓ, జీతమా. మా ఆవిడకి మొదట్నుంచి పేరోల్ చెక్కు ఇస్తున్నాం. మా అకౌంటెంటు పట్టుబట్టి పెట్టించాడు. ఇక్కడ రిటైరయ్యాక సోషల్ సెక్యూరిటీ సొంతంగా రావాలంటే 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ళ పని, రికార్డులో ఉండాలి. ఊరికే కౌంటర్లో నిలబడితే అది ఎక్కడా ఎక్కదు. ఎనిమిదేళ్ళు నిలబడి రికార్డులో గృహిణి అని ఉంటే ఎలా ఉంటుందో చూడండి.

సరోజ_టిఫిన్స్
డాలస్ గారు చివర్లో అసలు విషయం చెప్పారు. మా ఆయనకి మూడేళ్ళ క్రితం గుండె ఆపరేషనైంది. పదకొండు రోజులు ఆసుపత్రిలో. స్కానరు డబ్బులన్నీ ఆయన ఖాతాకి పోతున్నాయి, ఫోను లాకు ఆయన వేలిముద్ర. బల్ల దగ్గర పెట్టె మాత్రం "ముప్పై రూపాయలు అందాయి" అని అరుస్తూనే ఉంది. గ్యాసు బండకి డబ్బుల్లేక పక్కకొట్టు ఆవిడ దగ్గర చేబదులు తీసుకున్నాను. రోజూ ఆరువేల అమ్మకం చేస్తూ!
తర్వాత మొదట చేసిన పని కొట్టుకి విడిగా ఖాతా, దాన్ని నేను కూడా నడిపేలా బ్యాంకులో సంతకాలు పెట్టించడం. మెసేజీలు ఇద్దరి ఫోన్లకీ వచ్చేట్టు చూసుకోవడం. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ ఖాతాలోంచి ఆయనకి ఇంత, నాకు ఇంత, ఇంటి ఖర్చుకి ఇంత. నాదాంట్లోంచి నేనేం చేసినా ఆయన అడగరు, ఆయనదాంట్లోంచి సిగరెట్లు తాగితే నేనడగను. ఆపరేషను తర్వాత సిగరెట్లు లేవులెండి.

నల్గొండ_పిల్ల
పెండ్లి కాలేదు కానీ మా అమ్మనాన్నల కిరాణ కొట్టు చూసి చెప్తున్న. మా అమ్మ ఇంట్లకి బియ్యం, నూనె, సబ్బులు అన్నీ కొట్టుల నుంచే తెస్తది. ఎక్కడ రాసుడు లేదు. మా నాన్న నెలాఖరుకి "లాభమే లేదు" అంటడు. లాభం అన్నంల కలిసి పొయ్యింది నాన్నా అంటే తిడ్తడు.

లెక్కలమాస్టారు
నల్గొండ అమ్మాయికి వంద మార్కులు. గూడెం గారి కొట్లో బియ్యం లేవు గానీ చుట్టాల పెళ్ళిళ్ళకి పెట్టుబడి జాకెట్ ముక్కలు పోతాయి. కొన్న ధరకి రాసుకోవాలి, ఎవరి వాటాలోంచి అన్నది కూడా.

గూడెం_మ్యాచింగ్
నమస్కారమండీ. ఐడీ ఆయనదే, రాసేది నేను. ఫోను చార్జింగులో పెట్టి బెజవాడ వెళ్ళారు. ఇదంతా ఇప్పుడే చదివాను. బాగుంది, ఊరంతా నా జీతం గురించి మాట్లాడుతోంది.
ఆయన చెప్పనివి చెప్తాను. గల్లా నా చేతిలోనే ఉంటుంది, నిజమే. ఇప్పుడు అమ్మకంలో సగానికి పైన స్కానరు మీద వస్తోంది, అది నేరుగా ఆయన ఖాతాకి పోతుంది. నా చేతిలో ఉండేది యాభైలూ ఇరవైలూ. ఆయన తమ్ముడికి నెలనెలా 5 వేలు పంపుతారు, ఫోన్లోంచి పోతుంది, నాకు తెలిసేది మరిది ఫోన్ చేసినప్పుడు. మా అమ్మ కంటి ఆపరేషన్‌కి 10 వేలు పంపాలనుకుంటే గల్లా ఖాళీ అవుతుంది, పీకో దారానికి డబ్బులుండవు. అందుకని అడిగాను.
రెండోది సరుకు. పోయిన ఏడాది హోల్‌సేలు అతను "పిస్తా రంగు బాగా పోతోంది" అన్నాడని పన్నెండు తానులు వేసుకొచ్చారు. మా కౌంటర్లో పిస్తా అడిగినవాళ్ళు నలుగురు. అడిగేది నెమలిపింఛం, ఉల్లిపొర, రాణి గులాబీ. "లేదండీ" అని రోజుకి పదిమందికి చెప్పేది నేను. ఆయనకి వినపడదు, ఆయన కౌంటర్లో ఉండరు కాబట్టి.
మూడోది, పొద్దున ఐదింటికి లేచి వంట చేసి, పిల్లల్ని పంపి, పదింటికి కొట్టు తెరిచి, రాత్రి తొమ్మిదిన్నరకి మూసి, మళ్ళీ వంట. ఆయన తొమ్మిదిన్నర తర్వాత లెక్క చూసుకుంటారు. టీవీలో.

గోదారి_గాలి
గూడెం గారు బెజవాడలోనే నాలుగు రోజులు ఉండిపోతే మంచిదేమో.

మెడికల్_మామ
అమ్మా, పిస్తా తానుల విషయంలో మేం చేసిందొకటి చెప్తాను. మాకూ ఇదే. డాక్టరు రాసే మందు ఏది, ఆగిపోయిన మందు ఏది అన్నది ఆవిడకి తెలుస్తుంది, ఏజెన్సీలో స్కీము బాగుందని ఎక్కువ వేసుకొచ్చేది నేను. పది మీద ఒకటి ఫ్రీ అంటే చెయ్యి ఆగదు. ఎక్స్‌పైరీ అయిపోయి పెట్టెలు మిగిలేవి. ఇప్పుడు కౌంటరు దగ్గర ఒక నోటుపుస్తకం. అడిగినా లేని మందు అందులో ఆవిడ రాస్తుంది. ఆర్డరులో ఏవి రావాలో ఆవిడ రాసిందే. ఎంత, ఎక్కడ, ఏ రేటుకి అన్నది నాది. ఆ పుస్తకంలో లేనిది 5 వేలు దాటి కొనాలంటే ఫోన్ చెయ్యాలి. మొదట నామోషీగా ఉండేది, ఏజెన్సీ కుర్రాడి ముందు భార్యకి ఫోనేంటని. ఇప్పుడు "మేడమ్ ఒప్పుకోవట్లేదు" అని బేరానికి వాడుకుంటున్నాను.

కిరాణా_బాబు
ఇలా అన్నిటికీ పర్మిషన్లు పెట్టుకుంటే వ్యాపారం సాగదండీ. హోల్‌సేల్లో ధర నిమిషంలో మారుతుంది. ఇంటికొకరే యజమాని ఉండాలి. నేను మా ఆవిడని కొట్టు మెట్టు ఎక్కనివ్వను, ప్రశాంతంగా ఉన్నాం.

నల్గొండ_పిల్ల
ప్రశాంతంగా ఉన్నది మీరా, ఆమెనా?

సరోజ_టిఫిన్స్
బాబు గారి మాటలో ఒక్కటి ఒప్పుకుంటాను. ఒక్కో విషయానికి ఒక్కరే ఉండాలి. రెండు నోళ్ళు పనికిరావు. మా దగ్గర ఒకాయన పార్సిలుకి పది రూపాయలు తగ్గించమంటే నేను కుదరదన్నాను, ఆయన బల్ల దగ్గరికెళ్ళి మా ఆయన్ని అడిగాడు, ఈయన తగ్గించేశారు. ఆ తర్వాత ఆ వీధివీధంతా నన్ను దాటి ఈయన్ని అడగడం మొదలెట్టారు. ఇప్పుడు నియమం ఏంటంటే, బేరం మొదలెట్టినవాళ్ళే ముగించాలి. రెండోవాళ్ళు "ఆవిడ చెప్పిందే" అనాలి, మనసులో ఎలా ఉన్నా సరే. గొడవ ఉంటే షట్టరు దించాక.

గూడెం_మ్యాచింగ్
నేనే (ఆయన). చదివాను. తమ్ముడి డబ్బు సంగతి ఇక్కడ రాయాల్సింది కాదు. వాడు చదువుకుంటున్నాడు, ఇంకో ఏడాది. మా నాన్న పోయాక నేనే చూసుకోవాలి కదా. తనకి చెప్పలేదన్నది మాత్రం నిజం. పిస్తా విషయం కూడా నిజమే, ఇంకా ఏడు తానులున్నాయి.
మాస్టారూ, ఇప్పుడేం చెయ్యాలో మీరు మీ పద్ధతిలో చెప్పండి. జీతం ఇద్దామంటే 36 వేలలోంచి ఎంతని ఇవ్వను?

లెక్కలమాస్టారు
జీతం అన్న మాట తీసెయ్యండి. జీతమంటే ఇచ్చేవాడొకడు, పుచ్చుకునేవాడొకడు. ఇద్దరూ ఒకే రోజున, ఒకే మొత్తం తీసుకోండి. మీ నాన్నగారి రోజుల్లో సొంత వాడకం అని పద్దు రాసేవారు, అదే.
36 వేలలోంచి మొదట 6 వేలు పక్కన పెట్టండి. మౌఢ్యంలో, ఆషాఢంలో అద్దె ఆగదు, దానికి. మిగిలిన 30 వేలలో ఇంటి ఖర్చుకి 18 వేలు, ఆవిడకి 6 వేలు, మీకు 6 వేలు. మీ తమ్ముడి 5 వేలు మీ 6 వేలలోంచి, వాళ్ళమ్మగారి ఆపరేషను ఆవిడ 6 వేలలోంచి.
ఇప్పుడు మీరు 40 వేలు తింటున్నారు, 30కి దిగాలి. మొదటి మూడు నెలలు కష్టంగా ఉంటుంది, ఇంట్లో కూడా తెలుస్తుంది. స్కూలు ఫీజులు ఈ లెక్కలో పట్టవు. సీజన్‌లో రోజుకి 20 వేలు అమ్మినప్పుడు వచ్చిన అదనంలోంచి ముందు హోల్‌సేల్ బాకీ, తర్వాత ఫీజులు. ఆ అదనాన్ని గల్లాలో కనపడనివ్వకండి, కనపడితే ఖర్చయిపోతుంది. అదే రోజు ఖాతాలో వెయ్యండి.
గోల్డ్ లోను గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ 2 లక్షలు ఆవిడ పెట్టుబడి. పుస్తకంలో మొదటి పేజీలో ఆవిడ పేరున రాయండి, తేదీతో. కొట్టు వడ్డీ మాత్రం కట్టి ఊరుకుంటే సరిపోదు, అసలు తీర్చి గొలుసు తెచ్చి ఇచ్చేదాకా అది కొట్టు ఆవిడకి ఉన్న బాకీ.

ఓరుగల్లు_ఎరువులు
మాస్టారు, సగం సగం ఎట్ల? ఆమె రెండు డ్యూటీలు చేస్తున్న అంటున్నది. ఇంటి పనికి లెక్క ఏది?

లెక్కలమాస్టారు
దానికి నా దగ్గర పద్దు లేదు. కొందరు ఇంటి పనికి మనిషిని పెట్టి, ఆ ఖర్చు ఇంటి 18 వేలలో వేస్తారు. కొందరు ఒక పూట కొట్టు మగాయనకే వదిలేస్తారు.

సరోజ_టిఫిన్స్
మా ఇంట్లో రాత్రి వంట ఆయనది. ఉప్మా వారానికి ఐదు రోజులు. టిఫిన్ సెంటరు వాళ్ళింట్లో రాత్రిపూట ఉప్మా, మీరే ఊహించుకోండి.

మెడికల్_మామ
నా మాటొకటి. ఇదంతా పుస్తకంలో రాసుకోవడం బానే ఉంది, కొట్టు మాత్రం చట్టం దృష్టిలో ఆయనొక్కడిదే. రేపేమన్నా అయితే కొట్లో ఉన్న లక్షల సరుక్కి ఆవిడ ఎవరు? భాగస్వామ్యం కింద రాసుకోవడం మేలు కాదా?

లెక్కలమాస్టారు
అడగాల్సిన ప్రశ్నే. భాగస్వామ్య సంస్థ అంటే దానికి విడిగా పాన్, డీడ్, ఏటా రిటర్ను. వ్యక్తికి ఉన్న సున్నా పన్ను రిబేటు సంస్థకి వర్తించదు, భాగస్తులకి ఇచ్చేది పోను మిగిలిన లాభం మీద మొదటి రూపాయి నుంచి 30 శాతం. పైగా 2025 ఏప్రిల్ నుంచి భాగస్తుడికి జీతంగానో వడ్డీగానో ఏడాదికి 20 వేలు దాటి ఇస్తే 10 శాతం టీడీఎస్ కోయాలి. ఇంత చిన్న కొట్టుకి ఆ రాత ఖర్చు బరువు. నేనైతే వద్దంటాను.

మెడికల్_మామ
ఖర్చు బరువే, ఒప్పుకుంటాను. కానీ అప్పులవాళ్ళు వచ్చినప్పుడు ఆవిడ గొలుసు ముందు పోతుంది, సరుకు మీద హక్కు చివర్లో వస్తుంది. నేనైతే కావాలంటాను.

లెక్కలమాస్టారు
భాగస్తురాలైతే అప్పులకీ ఆవిడ పూచీ పడాలి, అదీ చూసుకోండి. కనీసం ఖాతాకి నామినీగా ఆవిడ పేరు, అద్దె అగ్రిమెంటులో ఇద్దరి పేర్లు ఉంటే నయం. మిగతాది ఒక లాయరుని అడిగి తేల్చుకోవాల్సిందే.

డాలస్_పంపు
మరి ఆదివారం ఆలోచన ఎవరికీ నచ్చలేదా?

గూడెం_మ్యాచింగ్
ఆరు వారాలయింది, అడిగినవాళ్ళ కోసం రాస్తున్నాను. ఆదివారం ఇద్దరం కూర్చుని సరుకు లెక్కపెట్టాం, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా. 9 లక్షలుంటుందని నేను, 7 అని తను. కొన్న ధర లెక్కన 7,40,000 వచ్చింది. అందులో ఏడాది దాటి కదలనిది లక్షా పదివేలు. ఎక్కువభాగం నేను తెచ్చినవే, తను ఏమీ అనలేదు. అనకపోతేనే భయంగా ఉంది.
కొట్టుకి విడిగా ఖాతా తెరిచాం. స్కానరు దానికి మార్చాం, మెసేజీలు ఇద్దరికీ వస్తున్నాయి. కౌంటరు దగ్గర "అడిగితే లేని రంగులు" పుస్తకం పెట్టాం. రంగులు తను రాస్తుంది, రేటు నేను చూస్తాను, పుస్తకంలో లేనిది 3 వేలు దాటితే ఫోను. టైలర్లకి అప్పు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం తేలలేదు. తను వద్దంటుంది, నేనివ్వకపోతే వాళ్ళు పక్క కొట్టుకి పోతారంటాను. ఇప్పటికి మనిషికి 2 వేల దగ్గర ఆపాం.
ఒకటో తారీఖున ఇద్దరికీ చెరి 6 వేలు పడ్డాయి. తమ్ముడికి పంపాక నాకు వెయ్యి మిగిలింది. ఇరవయ్యో తారీఖుకి తన దగ్గర 500 చేబదులు అడిగాను.

గోదారి_గాలి
ఇచ్చిందా?

గూడెం_మ్యాచింగ్
ఇచ్చాను. పుస్తకంలో రాశాను. పిస్తా తాను మీద మీటరుకి పది తగ్గించి బల్ల మీద పెట్టాం, శ్రావణానికి వాయనం ముక్కలుగా కోస్తున్నా. గూడెం చుట్టుపక్కల వాళ్ళెవరన్నా ఉంటే చెప్పండి, ఇంకా ఐదు తానులున్నాయి.